ఫోల్డర్ అన్నయ్యది, బరువు ఎవరిది?

పెళ్లయిన వారానికి పెళ్లికూతురి అన్న గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ తెరిచాడు. తన ఫోన్లో ఉన్న 3 జీబీ ఫోటోలు అందులో వేసి, చుట్టాలందరికీ ఎడిటర్ హోదా ఇచ్చాడు. బాబాయి కూతురు తాను తీసిన 4 జీబీ వీడియోలు చేర్చింది. మిగతా ఎనిమిది మంది చూసి మురిసిపోయారు, అంతే.

నాలుగు రోజులకు ఆ అమ్మాయికి స్టోరేజీ నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. ఫోల్డర్ అన్నయ్యది కదా, తన ఖాతాకు ఈ తంటా ఏమిటి?

గూగుల్ డ్రైవ్ చూసేది ఫోల్డర్ ఎవరిదని కాదు, ఒక్కో ఫైలు ఎవరిదని. మామూలు ఖాతాల్లో ఎక్కించినవారే దాని యజమాని. అందుకే 3 జీబీ అన్న ఖాతాలో, 4 జీబీ చెల్లెలి ఖాతాలో పడ్డాయి. చూసినవారికి సున్నా. ఉచితంగా దొరికే 15 జీబీలోనే జీమెయిల్, గూగుల్ ఫోటోలూ సర్దుకోవాలి కాబట్టి, అది నిండితే ఆమెకు మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది.

ఇదే ఫోల్డర్ మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో ఉంటే లెక్క తిరగబడుతుంది. అక్కడ ఎవరు ఎక్కించినా భారం ఫోల్డర్ యజమానిదే. మొత్తం 7 జీబీ అన్న నెత్తిన పడుతుంది, ఉచిత కోటా 5 జీబీయే. ఆపిల్ ఐక్లౌడ్ డ్రైవ్‌లోనూ ఇదే పద్ధతి. డ్రాప్‌బాక్స్‌ది ఇంకో దారి: ఫోల్డర్‌లో సభ్యులుగా చేరిన ప్రతి ఒక్కరి ఖాతాలోనూ మొత్తం 7 జీబీ లెక్కకొస్తుంది. 2 జీబీ ఉచిత ఖాతా ఉన్నవారు చేరనే లేరు. ఊరికే చూడాలంటే లింకు చాలు, దానికి కోటా ఖర్చవదు.

మళ్లీ గూగుల్ దగ్గరికే వస్తే, అసలు చిక్కు తీసేయడంలో ఉంది. అన్న ఆ వీడియోలను ఫోల్డర్ నుంచి తొలగిస్తే అక్కడ కనబడవు కానీ, చెల్లెలి కోటా మాత్రం ఒక్క ఎంబీ కూడా తగ్గదు. ఫైళ్లు ఏ ఫోల్డర్‌కూ చెందకుండా ఆమె డ్రైవ్‌లోనే ఉండిపోతాయి. అలాంటివి బయటపడాలంటే ఆమె డ్రైవ్ సెర్చ్ పెట్టెలో ఇలా కొట్టాలి:

```
is:unorganized owner:me
```

చోటు కోసం ఆమే వీడియోలను డిలీట్ చేస్తే, 30 రోజులు ట్రాష్‌లో ఉండి అందరికీ పోతాయి. ట్రాష్‌లో ఉన్నంతకాలం కోటా తగ్గదు, వెంటనే కావాలంటే దాన్నీ ఖాళీ చేయాలి.

వీడియోలు పోకుండా బరువు దించుకునే దారీ ఉంది. షేర్ పెట్టెలో అన్న పేరు పక్కన యాజమాన్యం బదిలీని ఎంచుకుంటే అతనికి అభ్యర్థన వెళుతుంది. అతను ఒప్పుకున్నాక ఆ ఫైలు అతని లెక్కలోకి మారుతుంది. ముందు వేటిని బదిలీ చేయాలో తేల్చుకోవడానికి drive.google.com/drive/quota తెరిస్తే సరి. ఆమె సొంత ఫైళ్లు పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరుసగా కనబడతాయి.