సోలార్ షాపుకి పేరు పెట్టాలంటే కరెంటు బిల్లు చదవాలి

మా పెదనాన్నగారబ్బాయి ఏలూరులో డాబాల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే వ్యాపారం మొదలుపెడుతున్నాడు. కస్టమర్లు తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి లంకల దాకా ఉంటారు. "టెక్నికల్‌గా ఉండాలి, నమ్మకంగానూ ఉండాలి. నువ్వు ఎలక్ట్రికల్ కదా, నువ్వే చూడు" అని నాలుగు పేర్లు నా ముందు పెట్టాడు.

మొదటిది 'ఫొటోవోల్టాయిక్ ఎనర్జీ సిస్టమ్స్'. తప్పేం లేదు, కానీ కొల్లేటి చాంతాడంత ఉంది. కైకలూరులో చేపల చెరువు రైతు పక్కింటాయనకి ఈ పేరు ఎలా చెప్తాడు? టెక్నికల్ అంటే జనానికి తెలియని మాట అనుకుంటాం గానీ, ప్రతి ఇంటికీ తెలిసిన టెక్నికల్ మాటలు కరెంటు బిల్లు మీదే ఉన్నాయి: మీటర్, యూనిట్, లోడ్.

రెండోది 'నాన్‌స్టాప్ సోలార్'. ఇది అసలు వద్దన్నాను. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్‌లో లైన్ కరెంటు పోగానే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మన డాబా మీది కరెంటు తగలకూడదని అలా చేస్తారు. తుపానొచ్చి కరెంటు పోయిన రోజున బోర్డు మీది 'నాన్‌స్టాప్' అబద్ధమైపోతుంది. 'జీరో బిల్' అన్న పేరుదీ ఇదే గతి. యూనిట్లు సున్నా అయినా ఫిక్స్‌డ్ చార్జీలు వస్తాయి.

మూడోది 'పీఎం సూర్య సోలార్'. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం పేరు అందరి నోటా ఉంది కాబట్టి ఇది పెట్టాలని ఆశ. కానీ ప్రభుత్వానిదే అనిపించే పేర్లను వ్యాపారానికి వాడకూడదని 1950 నాటి చట్టం ఉంది. పైగా సబ్సిడీ ఆలస్యమైతే జనం వచ్చి అడిగేది వీణ్ణే.

నాలుగోది 'నీరెండ'. మన క్లబ్బులో అయితే చప్పట్లే! కానీ నీరెండ అంటే వేడి తగ్గిన ఎండ. ప్యానెల్ అమ్మేవాడు బలహీనమైన ఎండని బోర్డు మీద రాసుకుంటాడా?

చివరికి ఇంట్లో వాడే మాట ఒకటి, బిల్లు మీది మాట ఒకటి కలిపి 'పొద్దు మీటర్' అనుకున్నాం. పొద్దు అంటే సూర్యుడు, మీటర్ అంటే లెక్క. ఏ హామీ ఇవ్వదు, కొలిచి చూపిస్తానంటుంది. దీన్ని ఫోన్‌లో ఒక్కసారి చెప్పి, ఐదుగురిని ఇంగ్లీషులో రాయమన్నాం. వెండర్ల లిస్టులో కస్టమర్ ఇంగ్లీషులోనే వెతుకుతాడు మరి. ఇద్దరు Podhu అని రాశారు, కానీ Meter దగ్గర ఎవరూ తడబడలేదు. ఆ మాట కొట్టినా దొరుకుతుంది.

ఇక మిగిలింది ట్రేడ్‌మార్క్ వెతుకులాట. బిగించే పనికి 37వ క్లాసు, ప్యానెళ్లకి 9వ క్లాసు. రెండింటిలోనూ ఇలాంటి పేరు ఇంకెవరికీ లేదని తేలాకే బోర్డు రాయించాలి. 'ఏలూరు సోలార్' లాంటి పేరైతే ఈ వెతుకులాటా దండగే. ఊరూ సరుకూ తప్ప అందులో ఏమీ లేదు కాబట్టి, రేపు పక్క షాపువాడు అదే పెట్టుకున్నా ఆపడం కష్టం.