డాక్టరు గారి మందుచీటీ

అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఆ వారంలో ఒక పెద్దాసుపత్రి తన సిబ్బంది కోసం పెట్టుకున్న అవగాహన సభకు వెళ్లాను. ప్రారంభించడానికి వచ్చిన జనరల్ మెడిసిన్ విభాగాధిపతి మైకు అందుకోగానే అన్న మాట: "నాలుగేళ్ల కిందట నా మందుచీటీ నేనే రాసుకున్నాను."

అప్పట్లో ఆయనకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. తిండి సయించేది కాదు. రౌండ్సులో కేసుషీటు రెండుసార్లు చదివినా తలకెక్కేది కాదు. రోగి ఎవరైనా ఈ మాటలు చెబితే డిప్రెషనేమోనని వెంటనే అనుమానించే మనిషి, తన దగ్గరికొచ్చేసరికి పని ఒత్తిడి అనుకున్నారు. శాంపిల్‌గా వచ్చిన ఆల్ప్రాజొలామ్ 0.25 మిల్లీగ్రాముల మాత్ర రాత్రిళ్లు వేసుకోసాగారు. వారంపాటు నిద్ర బాగా పట్టింది. తర్వాత అది చాలలేదు. రెండు నెలల్లో మోతాదు నాలుగింతలైంది. ఓ రాత్రి మానేస్తే చేతులు వణికాయి, గుండె దడదడలాడింది.

ఆ మాత్ర నిద్రపుచ్చుతుందే గాని డిప్రెషన్‌ను నయం చేయదు. ఒంటికి అలవాటైపోతుంది. ఉన్నట్టుండి ఆపేస్తే ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి, అందుకే కొంచెం కొంచెంగా తగ్గించాలి. డిప్రెషన్ మందుల గుణం తెలియడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మనిషి తేరుకుంటున్నాడో, ఇంకా కుంగుతున్నాడో కనిపెట్టి చూసే కన్ను ఒకటి బయట ఉండాలి. సొంత వైద్యంలో లేనిది అదే.

మానసిక వైద్య విభాగం ఆయన గదికి ఒక అంతస్తు కిందే ఉంది. మరి వెళ్లలేదేం? "ఆ గుమ్మం ముందు నన్ను చూసినవాళ్లు ఏమంటారో నాకు తెలుసు. ఆ మాటలు నేనే అన్నాను గనక." పరీక్షల్లో ఏమీ తేలని రోగిని 'ఫంక్షనల్' అని తేల్చేయడం, 'సైక్ కేసు' అని నవ్వడం, సెలవడిగిన పీజీని 'తట్టుకోలేడు' అనడం. వెనక నిలబడిన పీజీలు జబ్బుల పేర్లతోపాటు ఈ మాటలూ నేర్చుకున్నారు. హాల్లో ఎవరూ కదల్లేదు.

చివరికి ఆయన పక్క ఊరి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లారు. ఆ మాత్రను వారాలపాటు తగ్గిస్తూ మాన్పించారు, అసలు జబ్బుకు మందు మొదలుపెట్టారు.

వివరం బయటపడుతుందన్న భయానికి ఆయన చట్టాన్నే జవాబుగా చూపారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. రోగి డాక్టరైనా అంతే. ఇకపై సిబ్బందిని బయటి సైకియాట్రిస్టు చూస్తారనీ, ఆ ఫైలు ఈ ఆసుపత్రి రికార్డుల్లోకి రాదనీ ప్రకటించారు. పేరు చెప్పడమే ఇష్టంలేనివాళ్లు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చన్నారు. అది కేంద్రం నడిపే టెలీ మానస్ ఉచిత నంబరు.

వెనక వరుసలోంచి ఒక నర్సు లేచింది. "నైట్ డ్యూటీ మార్చమని అడిగితే కారణం రాయాలా సార్?"

"'డాక్టరు సలహా' అని రాయండి సిస్టర్. ఏ డాక్టరని నేను అడగను."