ఖాళీగా కనిపించే సందేశం

వాట్సాప్‌లో స్పేస్ బార్ మాత్రమే నొక్కి సందేశం పంపాలని చూడండి, వెళ్లదు. అయినా ఒక్క అక్షరమూ లేని సందేశాలు అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. అవి నిజంగా ఖాళీవి కావు.

పంపే ముందు చాలా ప్రోగ్రాములు సందేశానికి రెండు చివర్లా ఉన్న ఖాళీలను కోసేసి, ఇంకేమైనా మిగిలిందా అని చూస్తాయి. మామూలు స్పేస్ అక్కడే పోతుంది. యూనికోడ్‌లో U+200B అనే వెడల్పు లేని గుర్తు పోదు. పేరులో స్పేస్ ఉన్నా, యూనికోడ్ దాన్ని ఖాళీల జాబితాలో పెట్టలేదు. పైథాన్‌లో చూడొచ్చు:

```
len(" ".strip())       # 0
len("\u200b".strip())  # 1
```

కొరియన్ లిపికి చెందిన U+3164 ఇంకా గడుసుది. కంటికి కనిపించదు, కానీ యూనికోడ్ లెక్కలో అది అక్షరమే. అందుకే పేరు రాయాల్సిన చోట కూడా చాలాసార్లు చెల్లిపోతుంది.

అయితే కనిపించనివన్నీ తీసేస్తే సరిపోదా? అక్కడే తెలుగుకు చిక్కు. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ట్’ తర్వాత U+200C ఉంటుంది. దాన్ని తీసేస్తే ‘వే’ కిందికి దిగి, మాట ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. తెలుగు తెలియని ప్రోగ్రామర్ శుభ్రం చేశాననుకుంటాడు, పాపం.

సరైన పద్ధతి వేరు. సందేశానికి ఒక నకలు తీసి, అందులోంచి కనిపించనివన్నీ తొలగించాలి. ఏమీ మిగలకపోతే సందేశాన్ని ఆపాలి. మిగిలితే అసలు ప్రతినే, ఒక్క గుర్తూ మార్చకుండా పంపాలి.

మీకొచ్చిన ఖాళీ సందేశంలో ఏముందో తెలియాలంటే, దాన్ని కాపీ చేసి యూనికోడ్ సంఖ్యలు చూపే పరికరంలో అతికించండి.