ఏ ఊరి అవ్వ?

తెలియని మాటతో పెద్ద పేచీ ఉండదు. గుంటూరు మనిషి హైదరాబాద్ రైతుబజారులో 'గోకరకాయ' అని వింటే అదేంటండీ అని అడుగుతాడు. చూపిస్తే, ఓహో గోరుచిక్కుడా అనుకుంటాడు. అక్కడితో సరి. తెలిసిన మాటతోనే చిక్కు. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంటుంది కాబట్టి ఎవరూ అడగరు.

ఇలాంటి మాటల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది 'అవ్వ'. రాయలసీమలో అవ్వ అంటే అమ్మమ్మో, నాయనమ్మో. తెలంగాణ పల్లెల్లో పాత తరం కన్నతల్లినే అవ్వ అని పిలిచేది. ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆ పిలుపు ఉంది. కోస్తాలో ఎవరైనా ముసలావిడ అవ్వే. ఇప్పుడు ఒక ఆఫీసు ఊహించుకోండి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన కుర్రాడు "మా అవ్వకు పాణం బాగలేదు సార్, రెండు వారాలు సెలవు కావాలె" అంటాడు. కడప వైపు పెద్దాయన మనసులో డెబ్భై, ఎనభై ఏళ్ల ముసలమ్మ మెదులుతుంది. "ఇంట్లో మీ అమ్మా వాళ్లు ఉన్నారు కదప్పా, చూసుకుంటార్లే" అంటాడు మామూలుగా. కుర్రాడి మనసు చివుక్కుమంటుంది. ఆయన్ని రాతిగుండె మనిషి అనుకుంటాడు. ఇద్దరూ చక్కటి తెలుగే మాట్లాడారు, అయినా ఒకరి మాట మరొకరికి చేరలేదు.

ఈ తేడా ఎవరి పొరపాటూ కాదు. అవ్వ అన్నది ద్రావిడ భాషల్లో చాలా పాత మాట. తల్లి, తల్లికి తల్లి, వయసు మళ్లిన స్త్రీ అనే అర్థాలన్నీ దానికి ముందు నుంచీ ఉన్నాయి. ఉత్తర కర్ణాటకలో ఇవాళ్టికీ తల్లిని అవ్వ అంటారు. ఒక్కో ప్రాంతం ఒక్కో అర్థాన్ని ఉంచుకుని మిగతావి వదిలేసింది, అంతే. 'జేజి'దీ అలాంటి కథే. సీమలోనూ నెల్లూరు వైపూ చాలా ఇళ్లలో జేజి అంటే నాయనమ్మ. కృష్ణా, గోదావరి ఇళ్లలో చంటిపిల్లలకు దేవుడు. "జేజికి దణ్ణం పెట్టుకో" అంటే విజయవాడ పాప దేవుడి పటం వైపు తిరుగుతుంది, ప్రొద్దుటూరు పాప మంచం మీద ముసలమ్మ కోసం చూస్తుంది. (దేవుడితో సమానంగా పిలిపించుకోవడం నాయనమ్మలకేమీ చేదు కాదు లెండి.)

మరి తెలుసుకోవడమెలా? మాటను ఒంటరిగా పట్టుకోకుండా దాని పక్కన ఏముందో చూడాలి. అవ్వ పక్కన 'అయ్య' వస్తే తల్లిదండ్రులు. 'అవ్వయ్యలు' అన్నది తెలంగాణలో జంటమాట. అవ్వ పక్కన 'అబ్బ' వస్తే సీమలో అమ్మమ్మా తాతా. అక్కడ అబ్బ అంటే తాత. కోస్తా చెవికి అది దెబ్బ తగిలినప్పటి అరుపో, తిట్టులో సగమో. అలాగని ఇది జిల్లా సరిహద్దుల్ని బట్టి గీత గీసినట్టు ఉండదు. కులాన్ని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది. ఇప్పటి పిల్లలకైతే ఎక్కడైనా అమ్మే, మమ్మీయే.

బజారులోనూ ఇదే కిటుకు పనిచేస్తుంది. ఉత్తరాంధ్రలో, తెలంగాణలో ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు, అనంతపురం వైపు అనపకాయలంటే చిక్కుడు జాతి కాయలు, సంక్రాంతి రోజుల్లో గింజలు నానబెట్టి పితికి పితికిపప్పు చేసుకునేవి. రాతలో దీర్ఘం ఒక్కటే తేడా, మాటల వేగంలో అది కూడా కరిగిపోతుంది. "ఒకటివ్వు, లేతది" అంటే సొరకాయ. "అర కిలో" అంటే గింజల కాయ. మాట కంటే కొలతే బాగా చెబుతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం ఒకే వస్తువుకు ఏ ఊళ్లో ఏ పేరుందో చూపించింది. ఒకే పేరుకు ఎన్ని అర్థాలున్నాయో అటువైపు నుంచి చెప్పే పుస్తకం కూడా ఇంటింటా ఉంటే బాగుండేది.

అందులో మొదటి పేజీ 'గుంట'కు ఇవ్వాలంటాను. తెలంగాణలో అది భూమి కొలత: 121 చదరపు గజాలు, నలభై గుంటలైతే ఎకరం. సెంట్లలో లెక్క కట్టే ఆంధ్ర మనిషికి గుంట అంటే గొయ్యి. ఇరవై గుంటల భూమి అంటే అరెకరం, అంటే యాభై సెంట్లు. ఇరవై సెంట్లకు కాస్త అటూ ఇటూ అనుకుని బేరానికి కూర్చుంటే కష్టమే. శ్రీకాకుళంలోనేమో గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లాడు. ఈ మాట దగ్గర మాత్రం తెలుగు వ్యాకరణం మనకు సాయం చేస్తుంది. "మాకు ముగ్గురు గుంటలు" అన్నాడా, పిల్లల గురించి. "మాకు మూడు గుంటలు" అన్నాడా, పట్టా ఎవరి పేరున ఉందో కనుక్కోవచ్చు.