గుంత తవ్వే ముందు గీయాల్సిన ఇరవై ఐదు గళ్లు

హైదరాబాద్‌లో 900 గజాల స్థలంలో సెల్లార్, పైన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కడుతున్నారనుకుందాం. ఖర్చు 6 కోట్లు, గడువు 18 నెలలు. సెల్లార్ కోసం 4 మీటర్ల లోతు తవ్వాలి. ఒకవైపు, గుంత అంచుకు మీటరున్నర అవతల పాత ఇల్లు, దాని ప్రహరీ ఉన్నాయి. తవ్వకం మే నెలలో మొదలుపెట్టాలని ప్లాన్. జూన్ మొదటి పక్షంలో నైరుతి వస్తుంది. అది సెప్టెంబరుతో వెళ్లిపోతుందన్న భరోసా కూడా లేదు. 2020లో హైదరాబాద్‌ను ముంచెత్తిన వాన కురిసింది అక్టోబరు 13న. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలు ఆపమని జీహెచ్ఎంసీ ఆదేశాలిచ్చిన సందర్భాలు ఉన్నాయి.

ఇలాంటి పనిలో భయాలకు కొదవ ఉండదు. గుంత ఒడ్డు కూలుతుందేమో, షీట్ రాక్ తగులుతుందేమో, కూలీలు ఊళ్లకు వెళ్లిపోతారేమో అని ఎవరి గుబులు వాళ్లది. చేతిలో ఉన్న డబ్బు, సమయం మాత్రం అన్నిటికీ చాలవు. దేనికి ముందు ఖర్చుపెట్టాలో తేల్చుకోవడానికి నిర్మాణ రంగంలో వాడే పద్ధతే రిస్క్ మ్యాట్రిక్స్. నిలువునా ఐదు, అడ్డంగా ఐదు, మొత్తం 25 గళ్లు. ఒక వైపు ఆ ప్రమాదం జరిగే అవకాశం, ఇంకో వైపు జరిగితే తగిలే దెబ్బ. ఒక్కో భయాన్ని ఒక్కో గడిలో పెడతారు.

ముందు కొలబద్ద, తర్వాతే మార్కులు

గళ్లు గీయడం పెద్ద పనేమీ కాదు. ‘ఎక్కువ’, ‘తక్కువ’ అనే మాటలకు అర్థం ముందే రాసుకోవడం దగ్గరే చిక్కు. బిల్డర్ ‘జరగొచ్చు’ అన్నప్పుడు ఆయన మనసులో పదిలో ఒకసారి ఉండొచ్చు, సైట్ ఇంజినీరు మనసులో పదిలో ఆరుసార్లు ఉండొచ్చు. అందుకే మన ఉదాహరణలో అవకాశాన్ని ఇలా విడగొడదాం: 5 శాతం లోపు అయితే 1, 5 నుంచి 20 అయితే 2, 20 నుంచి 50 అయితే 3, 50 నుంచి 80 అయితే 4, ఆపైన 5.

దెబ్బను మూడు రకాలుగా కొలవాలి: డబ్బు, రోజులు, మనుషులు. డబ్బులో లక్ష లోపు 1, లక్ష నుంచి 5 లక్షలు 2, 15 లక్షల వరకు 3, 40 లక్షల వరకు 4, ఆపైన 5. రోజుల్లో మూడు రోజుల్లోపు ఆలస్యమైతే 1, రెండు నెలలు దాటితే 5. మనుషుల విషయంలో ప్రథమ చికిత్సతో పోయేది 1, ప్రాణం పోయేది 5. మూడింటిలో ఏది పెద్దదైతే అదే ఆ ప్రమాదం మార్కు. సగటు తీయకూడదు. తీస్తే ఒక మనిషి చావు ‘ఆలస్యం లేదు, ఖర్చు తక్కువ’ అన్న లెక్కలో కరిగిపోతుంది.

ఈ కొలతలు ఏ పుస్తకం నుంచో దించుకునేవి కావు. 6 కోట్ల పనికి 40 లక్షలు పెద్ద దెబ్బ. 600 కోట్ల పనికి అదే మొత్తం చిల్లర ఖర్చు.

ఇప్పుడు బిల్డర్, సైట్ ఇంజినీరు, స్ట్రక్చరల్ ఇంజినీరు, తవ్వకం కాంట్రాక్టర్ ఒకచోట కూర్చుని మార్కులు వేయాలి. ముందు ఎవరికి వారు కాగితం మీద రాసి, తర్వాత పోల్చుకోవడం మేలు. లేకపోతే డబ్బు పెట్టేవాడు చెప్పిన అంకెకే అందరూ తలూపుతారు. మన ఉదాహరణలో నాలుగు వరుసలు ఇలా తేలాయనుకుందాం.

| ప్రమాదం | అవకాశం | దెబ్బ | లబ్ధం |
|---|---|---|---|
| వానకు గుంత ఒడ్డు కూలి పక్కింటికి నష్టం | 3 | 5 | 15 |
| తవ్వకంలో షీట్ రాక్ తగలడం | 4 | 3 | 12 |
| పండుగలకు కూలీలు ఊళ్లకు వెళ్లడం | 5 | 2 | 10 |
| పై అంతస్తు నుంచి కూలీ జారి పడటం | 2 | 5 | 10 |

పన్నెండూ ఆపైన ఎరుపు, ఆరు నుంచి పదకొండు పసుపు, అంతకు తక్కువైతే ఆకుపచ్చ. చాలా సైట్లలో ఈ రంగులు వేసి, కాగితం గోడకు అతికించి, పని అయిపోయిందనుకుంటారు.

పదీ పదీ ఒకటి కావు

పట్టికలో చివరి రెండు వరుసలు చూడండి. పండుగకు కూలీలు వెళ్లిపోవడానికీ, మనిషి పైనుంచి పడిపోవడానికీ ఒకే పది. మొదటిది దాదాపు ఖాయం, ఎనిమిది రోజుల ఆలస్యంతో పోతుంది. రెండోది అరుదు, జరిగితే వెనక్కి తీసుకోలేనిది. రెండిటికీ ఒకే పసుపు రంగు వేస్తే పట్టిక మనల్ని తప్పుదారి పట్టించినట్టే. అందుకే గుణకారం పైన ఒక నియమం రాసుకోవాలి: ప్రాణం పోయే ప్రమాదమైతే అవకాశం 2 ఉన్నా ఎరుపే, 1 ఉన్నా పసుపు కంటే కిందకు దిగదు.

రెండో లోపం ఇంకా లోతుగా ఉంటుంది. ఒడ్డు కూలడానికి 15, రాయి తగలడానికి 12. అంకెలు చూస్తే రెండూ దగ్గర దగ్గరే. రూపాయల్లో వేసి చూద్దాం. ఒడ్డు కూలే అవకాశం 35 శాతం, పక్కిల్లు బాగుచేయడం, పని ఆగడం కలిపి నష్టం 60 లక్షలు అనుకుంటే సగటున 21 లక్షల భారం. రాయి తగిలే అవకాశం 65 శాతం, అదనపు ఖర్చు 8 లక్షలు అనుకుంటే 5 లక్షల 20 వేలు. తేడా నాలుగు రెట్లు. ఎందుకిలా? మన కొలబద్దలో 3 నుంచి 5కి వెళ్తే డబ్బు రెండంకెలు పెరగలేదు, ఎన్నో రెట్లు పెరిగింది. గళ్లలో ఉన్నవి వరుస సంఖ్యలే తప్ప కొలతలు కావు. పరిమాణంలో ఎంతో తేడా ఉన్న ప్రమాదాలకు కూడా మ్యాట్రిక్స్ ఒకే స్థానం ఇవ్వగలదని అమెరికన్ రిస్క్ విశ్లేషకుడు లూయిస్ ఆంథొనీ కాక్స్ 2008లో ఒక పరిశోధన పత్రంలో గణితంతో చూపించాడు. కాబట్టి పట్టికను జల్లెడలా వాడాలి. పైకి తేలిన మూడు నాలుగింటికి రూపాయల లెక్క విడిగా వేయాలి.

విరుగుడుకూ లెక్క వేయాలి

ప్రమాదాలకు వరుస వేయగానే సగం పనే అయింది. ఖర్చయ్యేది విరుగుళ్ల మీద కాబట్టి వాటికీ వరుస కావాలి. ఒడ్డు కూలడానికి మూడు దారులున్నాయి.

మొదటిది తప్పించుకోవడం: తవ్వకాన్ని నవంబరుకు వాయిదా వేయడం. ఆరు నెలల వడ్డీ, జీతాలు కలిపి 18 లక్షలు. అవకాశం 5 శాతానికి తగ్గుతుంది, అంటే భారం 21 నుంచి 3 లక్షలకు దిగుతుంది.

రెండోది చిన్న జాగ్రత్తలు: మొత్తం ఒకేసారి తవ్వకుండా ముక్కలుగా తవ్వడం, మట్టి కుప్పను అంచు నుంచి కనీసం రెండు మీటర్ల దూరంలో పోయడం, జేసీబీ, లారీలు ఆ వైపు రాకుండా అడ్డు కట్టడం, వాన నీరు గుంతలోకి దిగకుండా అంచున కాలువ తీయడం, పంపు సిద్ధంగా ఉంచడం. ఖర్చు లక్షన్నర. అవకాశం 15 శాతానికి వస్తుంది, భారం 9 లక్షలు.

మూడోది షోరింగ్: పక్కింటి వైపు వరుసగా పైల్స్ దింపి, మధ్యలో పలకలు బిగించి మట్టిని ఆపడం. ఖర్చు 9 లక్షలు. దీన్నొక్కటే చేస్తే భారం 3 లక్షలకు తగ్గుతుంది.

చిన్న జాగ్రత్తలు రూపాయికి 8 రూపాయల భారం తగ్గిస్తున్నాయి. షోరింగ్ రూపాయికి రెండు, వాయిదా రూపాయికి ఒకటి. మొదటి స్థానం ఎవరిదో తేలిపోయింది. ఇక్కడే ఒక సాధారణ తప్పు జరుగుతుంది. జాగ్రత్తలతో 12 లక్షలు, షోరింగ్‌తో 18 లక్షలు, మొత్తం 30 లక్షలు తగ్గాయని కూడేస్తారు. అసలు భారమే 21 లక్షలు! ఒక విరుగుడు పెట్టాక రెండోదాని విలువను మిగిలిన దాని మీదే లెక్కించాలి. జాగ్రత్తలు తీసుకున్నాక మిగిలింది 9 లక్షలు. షోరింగ్ కూడా చేస్తే అవకాశం 3 శాతానికి, భారం లక్షా 80 వేలకు వస్తాయి. అంటే 9 లక్షలు ఖర్చు పెట్టి 7 లక్షల 20 వేలు తగ్గించినట్టు.

రూపాయల లెక్క షోరింగ్ వద్దంటుంది. కానీ చిన్న జాగ్రత్తలతో ఆగిపోతే గడి 2, 5 దగ్గరే ఉంటుంది. ముందు రాసుకున్న నియమం ప్రకారం అది ఎరుపు, ఎందుకంటే ఆ ఒడ్డు కింద మనుషులు పనిచేస్తారు. కాబట్టి షోరింగ్ చేయాల్సిందే. రెండూ కలిపి పదిన్నర లక్షలు. వాయిదాకయ్యే 18 లక్షల కంటే తక్కువ, భద్రత ఎక్కువ. అయితే విరుగుడు కొత్త ప్రమాదాన్ని తెస్తుందన్నది మరవకూడదు. పైలింగ్ మెషిన్ అదురుకు పక్కింటి గోడలు బీటలు వారొచ్చు. దానికి పట్టికలో కొత్త వరుస పెట్టాలి.

ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు కొందరు. కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీలో పక్కవారి ఆస్తి నష్టానికి కవర్ చేర్చుకోవచ్చు. అప్పుడు డబ్బు దెబ్బ 5 నుంచి 3కి దిగొచ్చు. మనుషుల మార్కు మాత్రం 5 దగ్గరే ఉంటుంది. పెద్దదే మార్కు కాబట్టి గడి కదలదు. పాలసీ తీసుకోవాలి, పని మొదలయ్యే ముందే పక్కింటి గోడల్లో ఉన్న పాత పగుళ్లను ఇంటివారి సమక్షంలో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. కానీ అది షోరింగ్‌కు బదులు కాదు.

గడువు దాటితే పనికిరాని విరుగుళ్లు

లాభం లెక్కతో పాటు తేదీ కూడా చూడాలి. షీట్ రాక్ సంగతే తీసుకోండి. స్థలంలో రెండు మూడు చోట్ల బోరు వేసి భూమి పరీక్ష చేయించడానికి 60 వేలు అవుతుందనుకుందాం. పరీక్ష వల్ల రాయి పోదు, ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. తెలిస్తే మట్టికి ఒక రేటు, గట్టి రాయికి ఇంకో రేటు ఘనపు మీటరు లెక్కన కాంట్రాక్టులో రాసుకోవచ్చు. ఇళ్ల మధ్య పేలుళ్లకు వీలుండదు కాబట్టి బ్రేకర్‌తో కొట్టే రోజుల్ని షెడ్యూల్లో వేసుకోవచ్చు. ఇదంతా సంతకాలకు ముందు. సంతకాలయ్యాక చేస్తే అదే పరీక్ష విలువ చాలావరకు పోతుంది. అందుకే మార్కుల్లో రెండో స్థానంలో ఉన్న ప్రమాదానికి విరుగుడు చేతల్లో మొదటి స్థానంలోకి వస్తుంది. మన సైటులో చివరి వరుస ఇదీ: భూమి పరీక్ష, పగుళ్ల ఫొటోలు, పాలసీ, షోరింగ్, ఆపై జాగ్రత్తలతో తవ్వకం. స్లాబులు లేచే నాటికి అంచుల రెయిలింగ్, వలలు, సేఫ్టీ బెల్టులు సిద్ధంగా ఉండాలి. కూలీల కొరతకు పండుగ వారాల్లో కాంక్రీటు పోత పెట్టుకోకపోతే చాలు.

ప్రతి వరుస పక్కన ఒక మనిషి పేరు, ఒక గుర్తు రాయాలి. ఒడ్డుకు సంబంధించిన గుర్తులు: అంచుకు సమాంతరంగా నేల మీద పగులు, తవ్విన ముఖం నుంచి నీటి చెమ్మ, ప్రహరీ ఒరగడం. వీటిలో ఏది కనిపించినా ఎవరినీ అడక్కుండా గుంతలోంచి మనుషుల్ని బయటికి పంపే అధికారం సైట్ ఇంజినీరుకు రాతలో ఉండాలి.

పట్టిక చెడిపోయిందని ఎలా తెలుస్తుంది? మూడు సమీక్షల్లో ఒక్క గడి కూడా కదలకపోతే దాన్ని ఎవరూ చదవడం లేదు. షోరింగ్ ఖర్చు చెప్పగానే 3 కాస్తా 2 అయితే, మారింది భూమి కాదు, బిల్డర్ మనసు. అన్ని వరుసలూ విడివిడిగా ఉన్నాయి కదా అనుకున్నా మోసపోతాం. ఒక్క పెద్ద వాన ఒడ్డును, కాంక్రీటు పోతను, కూలీల రాకను కలిపి దెబ్బతీస్తుంది. అందుకే తవ్వకం సాగినన్నాళ్లూ రెండు వారాలకోసారి కూర్చుని, ఒకే కారణానికి కదిలే వరుసల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. మార్కు తగ్గించాలనుకుంటే దానికి సైటులో ఏ పని జరిగిందో ఆ గడి పక్కనే రాయాలి. రాయడానికి ఏమీ లేకపోతే పాత మార్కే ఉంచాలి.