మిల్లు ఖరీదు ఎంత?

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు అమ్మకానికి వచ్చిందనుకుందాం. కల్పించిన మిల్లే కానీ, లెక్కలు మాత్రం ఆ వ్యాపారంలో ఎప్పుడూ వినపడేవే. సొంత డబ్బుతో ధాన్యం కొని, ఆడించి, బియ్యం అమ్మే మిల్లు. బ్యాంకు అప్పు లేదు. పన్ను కట్టాక ఏడాదికి 60 లక్షల లాభం చూపిస్తోంది. యజమాని 6 కోట్ల 67 లక్షలు అడుగుతున్నాడు. అంత పెట్టొచ్చా?

లాభం 60 లక్షలైనంత మాత్రాన యజమాని ఇంటికి 60 లక్షలు తీసుకెళ్లలేడు. పుస్తకాల్లో 20 లక్షలు తరుగుదల కింద రాసుకున్నారు. పాత యంత్రాల విలువ తగ్గిందని రాసిన ఖర్చది. ఈ ఏడాది ఎవరికీ చెల్లించింది కాదు కాబట్టి దాన్ని తిరిగి కలిపితే 80 లక్షలు. ఈ ఏడాది ధాన్యం రేటు పెరిగింది, అంతే సరుకు నిల్వ పెట్టడానికి ఎక్కువ డబ్బు కావాల్సి వచ్చింది. బియ్యం తీసుకున్న వ్యాపారుల దగ్గర బాకీలూ పెరిగాయి. వాటిలో 15 లక్షలు ఇరుక్కుపోతే మిగిలింది 65. సార్టెక్స్ మెషిన్ మార్చడానికి, బాయిలర్ బాగు చేయించడానికి 25 లక్షలు పోయాయి. చివరికి 40 లక్షలు. మిల్లు నడకకు అడ్డం రాకుండా జేబులో వేసుకోగలిగిన డబ్బు అంతే. దీన్నే ఫ్రీ క్యాష్ ఫ్లో అంటారు.

ఒక్క ఏడాది అంకెను పట్టుకుని బేరానికి కూర్చుంటే మాత్రం మోసపోతాం. ఖాతాలు మార్చి 31న మూస్తారు. అప్పటికి వానాకాలం ధాన్యం చాలావరకు ఆడించేసి ఉంటారు, యాసంగి పంట ఇంకా రావాలి. గోదాము ఖాళీగా, బ్యాంకు ఖాతా నిండుగా కనిపించే రోజు అది. పైగా అమ్మాలనుకున్న యజమాని ఆ ఏడాది కమీషన్ ఏజెంట్లకు ఇవ్వాల్సింది ఏప్రిల్‌కు నెట్టవచ్చు, మెషిన్ మార్చడం వాయిదా వేయవచ్చు. క్యాష్ ఫ్లో ఒక్కసారిగా మెరుస్తుంది. కనిపెట్టడం కష్టమేమీ కాదు: నాలుగైదేళ్ల లెక్కలు పక్కపక్కన పెడితే, చెల్లించాల్సిన బాకీలు ఆఖరి ఏడాదే ఎందుకు ఉబ్బాయో అడగాల్సిన అవసరం కనిపిస్తుంది.

ఇక రెండో సగం. ఈ 40 లక్షలు వచ్చే ఏడాదీ వస్తాయి, ఆపై ఏడాదీ వస్తాయి. కానీ రేపు వచ్చే రూపాయికి ఇవాళే రూపాయి ఇవ్వం. మిల్లులో ధాన్యం రేట్లు పడొచ్చు, కరువు రావొచ్చు, కాబట్టి ఏడాదికి 12 శాతమైనా గిట్టుబాటు కావాలని కొనేవాడు అనుకున్నాడు. ఆ లెక్కన ఏడాది తర్వాత వచ్చే రూపాయికి ఇవాళ 89 పైసలు ఇవ్వొచ్చు. అయిదేళ్ల తర్వాతిదానికి 57, పదేళ్ల తర్వాతిదానికి 32, ఇరవై ఏళ్ల తర్వాతిదానికి 10 పైసలు. భవిష్యత్తులో వచ్చే ప్రతి ఏడాది ఫ్రీ క్యాష్‌ను ఇలా తగ్గించి, అన్నీ కూడితే వచ్చేదే డిస్కౌంటెడ్ క్యాష్ ఫ్లో విలువ. 1938లో జాన్ బర్ విలియమ్స్ అనే అమెరికన్ తన పుస్తకంలో ఈ ఆలోచనను పద్ధతిగా నిలబెట్టాడు. అప్పున్న వ్యాపారమైతే ఆ అప్పును ఇందులోంచి తీసేయాలి.

మన మిల్లుకు వచ్చే ఏడాది 40 లక్షలు వచ్చి, ఆపై ఏటా 4 శాతం పెరుగుతూ పోతాయనుకుంటే ఒక సులువుంది. 12లోంచి 4 తీసేస్తే 8. 40 లక్షలను 8 శాతంతో భాగిస్తే 5 కోట్లు.

ఈ 5 కోట్లలో మొదటి అయిదేళ్ల వాటా దాదాపు కోటిన్నరే. మిగతా దాదాపు మూడున్నర కోట్లు అయిదేళ్ల అవతల ఉన్నాయి. పదేళ్ల అవతల చూసినా దాదాపు సగం విలువ అక్కడే ఉంది. అంటే మనకు బాగా తెలిసిన కాలం నుంచి వచ్చేది తక్కువ, ఏమీ తెలియని కాలం నుంచి వచ్చేది ఎక్కువ. అందుకే 12కు బదులు 14 శాతం అనుకుంటే విలువ 4 కోట్లకు పడిపోతుంది. రెండు శాతం తేడాకు కోటి రూపాయలు! ఎక్సెల్ షీటులో పైసలతో సహా వచ్చిన విలువను చూసి మురిసిపోయేవాళ్లు ఈ సంగతి ఎందుకో మరిచిపోతారు.

యజమాని అడిగిన ధర కూడా ఇక్కడి నుంచే వచ్చింది. "ఏటా 6 శాతం ఖాయం" అంటాడాయన. 12లోంచి 6 పోతే 6. 40ని 6 శాతంతో భాగిస్తే 6 కోట్ల 67 లక్షలు. లెక్క తప్పు లేదు. కానీ ఆ లెక్కలో 6 శాతం పెరుగుదల ఊరికే వస్తోంది. నిజానికి ఏటా అంత ఎక్కువ బియ్యం అమ్మాలంటే ఎక్కువ ధాన్యం కొనిపెట్టాలి, ఎక్కువ బాకీలు మోయాలి, డ్రయ్యర్ ఇంకోటి వేయాలి. 4 శాతం పెరగడానికే 60 లక్షల లాభంలో 20 లక్షలు తిరిగి మిల్లులోకే పోయాయి. అదే నిష్పత్తిలో 6 శాతానికి 30 లక్షలు పోతాయి. చేతికొచ్చేది 40 కాదు, 30. దాన్ని 6 శాతంతో భాగిస్తే మళ్లీ 5 కోట్లే.

అసలు పెంచకుండా, తరుగుదల మేరకే యంత్రాలు మార్చుకుంటూ మొత్తం 60 లక్షలూ తీసుకున్నా 12 శాతంతో భాగిస్తే అదే 5 కోట్లు. కారణం, ఈ మిల్లులో కొత్తగా పెట్టిన ప్రతి వంద రూపాయలూ ఏడాదికి 12 రూపాయలే సంపాదిస్తున్నాయి. కొనేవాడు కోరిన గిట్టుబాటు కూడా అంతే. అలాంటప్పుడు పెరుగుదలకు విడిగా ధర కట్టాల్సిన పనిలేదు. వందకు 20 సంపాదిస్తే పెరిగేకొద్దీ విలువ పెరిగేది, 8 సంపాదిస్తే పెరిగేకొద్దీ కరిగేది. నా దృష్టిలో డీసీఎఫ్ నేర్పే పాఠాల్లో దీన్ని మించింది లేదు. కంపెనీల గురించి రాసే చాలా నివేదికలు పెరుగుదల గడిలో అంకె మార్చి, పెట్టుబడి గడిని మాత్రం ముట్టుకోవు.

స్టాక్ మార్కెట్ కంపెనీల్లోనైతే ఫ్రీ క్యాష్‌కు ముడి సరుకు వార్షిక నివేదికలోని క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో దొరుకుతుంది: వ్యాపారం నుంచి వచ్చిన నగదులోంచి ఆస్తులు, యంత్రాల కొనుగోలు తీసేయడమే. ఈ చిన్న తీసివేత ఎంత పనిచేస్తుందో అమెరికాలో వరల్డ్‌కామ్ ఉదంతం చూపించింది. ఇతర ఫోన్ కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టిన రోజువారీ ఖర్చును ఆ కంపెనీ ఆస్తి కొన్నట్టు రాసుకుంది. 2002 జూన్‌లో మొదట బయటపడిన మొత్తమే 380 కోట్ల డాలర్లు. దాంతో లాభం పెరిగింది, వ్యాపారం నుంచి వచ్చిన నగదు కూడా పెరిగినట్టే కనిపించింది. కానీ ఖర్చు ఏ పేరుతో రాసినా డబ్బు పోయింది పోయినట్టే కాబట్టి, ఫ్రీ క్యాష్ మాత్రం పెరగలేదు.

నగదే అబద్ధమైతే ఈ పద్ధతీ ఏం చేయలేదు. 2009 జనవరి 7న హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన లేఖ ప్రకారం, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనేలేవు.

మన మిల్లు దగ్గరికొస్తే, ధర ఎంతని మనం తేల్చడం కన్నా యజమాని అడిగిన ధరలో ఏం దాగుందో చూడడం తేలిక. 6 కోట్ల 67 లక్షలంటే, ఏటా 6 శాతం పెరుగుతూ కూడా ఇప్పుడు పెడుతున్న 20 లక్షలతోనే సరిపెట్టుకుంటామని అర్థం. అదెలా సాధ్యమో ఆయన్నే చెప్పమనాలి. గత అయిదేళ్లలో ధాన్యం నిల్వ, బాకీలు, యంత్రాల ఖర్చు అమ్మకాలతో పాటు ఎంత పెరిగాయో చూపించే కాగితాలు కూడా తెమ్మనాలి.