వంద బిల్లులు చూసి సగటు చెప్పొచ్చా?

డేటా ఎనలిస్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో సెంట్రల్ లిమిట్ థియరమ్ గురించి అడగడం మామూలే. అయితే అడిగే ప్యానెల్‌లో అందరూ స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు కారు. హెచ్‌ఆర్, అకౌంట్స్, సేల్స్ విభాగాల వాళ్లు కూడా కూర్చుంటారు. వాళ్ల ముందు పుస్తకంలోని నిర్వచనం అప్పజెబితే మర్యాదకి తలూపుతారు తప్ప వాళ్లకి ఏమీ అందదు. సేల్స్ మేనేజర్ మనసులో మెదిలే ప్రశ్న వేరు. "మాకు లక్షల మంది కస్టమర్లున్నారు. మీరు వందమంది బిల్లులు చూసి సగటు ఇంత అంటున్నారు. నేనెందుకు నమ్మాలి?" ఈ సిద్ధాంతం జవాబు చెప్పేది సరిగ్గా ఈ ప్రశ్నకే. అందుకే వివరణ కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది.

ఒక సూపర్‌మార్కెట్ గొలుసు ఉందనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండేందుకు ఒక్కో బిల్లు సగటున 400 రూపాయలు అనుకుందాం. అలాగని బిల్లులన్నీ 400 చుట్టూ ఉండవు. పాల ప్యాకెట్టు, బ్రెడ్డు కొనుక్కుని వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. నెల సరుకులు వేసుకుని రెండు మూడు వేల బిల్లు చేసేవాళ్లు తక్కువ. ఈ బిల్లులన్నిటినీ గ్రాఫ్ గీస్తే ఎడమవైపు పెద్ద గుట్ట, కుడివైపు సన్నగా సాగిన తోక కనిపిస్తాయి. సగంమందికి పైగా కస్టమర్ల బిల్లు సగటు కంటే తక్కువే.

ఇప్పుడు ఈ బిల్లుల్లోంచి ఏ లెక్కా లేకుండా, లాటరీ తీసినట్టు, వంద బిల్లులు తీసి సగటు కట్టండి. 371 వచ్చిందనుకోండి. వాటిని వెనక్కి పెట్టేసి మరో వంద తీయండి, 428 రావచ్చు. ఇలా వెయ్యిసార్లు చేసి, ఆ వెయ్యి సగటులతో ఇంకో గ్రాఫ్ గీయండి. ఈసారి గుట్టా తోకా కనిపించవు. 400 దగ్గర ఎత్తుగా ఉండి, రెండు వైపులా దాదాపు సమానంగా జారే గంట ఆకారం వస్తుంది. సెంట్రల్ లిమిట్ థియరమ్ చెప్పేది ఇదే. విడి విలువలు ఎంత వంకరగా ఉన్నా, తగినన్ని కలిపి కట్టిన సగటులు అసలు సగటు చుట్టూ గంట ఆకారంలో చేరతాయి.

ప్యానెల్‌లో ఆసక్తి ఉన్నవారెవరైనా ఇక్కడ "ఎందుకలా?" అని తప్పక అడుగుతారు. దీనికి ఫార్ములా అక్కర్లేదు, పాచికలు చాలు. ఒక పాచిక వేస్తే 1 నుంచి 6 దాకా ఏ అంకె అయినా సమాన అవకాశంతో పడుతుంది. అక్కడ గంటా లేదు, గుట్టా లేదు, గ్రాఫ్ చదునుగా ఉంటుంది. రెండు పాచికలు వేస్తే 36 రకాలుగా పడొచ్చు. మొత్తం 2 రావాలంటే రెండూ ఒకట్లే పడాలి, దానికి ఒకే దారి. మొత్తం 7 రావడానికి ఆరు దారులున్నాయి. మూడు పాచికలకు 216 రకాలు. మొత్తం 3 కి ఇప్పుడూ ఒకటే దారి, 10 కి మాత్రం 27 దారులు. పది పాచికలు వేస్తే ఆరు కోట్లకు పైగా రకాలుంటాయి, అన్నీ ఆరులే పడేది వాటిలో ఒక్కటి. సగటు అంచుకి వెళ్లాలంటే అన్ని పాచికలూ ఒకే వైపు మొగ్గాలి. నడుమ ఉండాలంటే కొన్ని పెద్దవి పడినా కొన్ని చిన్నవి పడి సరిపెట్టేస్తాయి, అలా సరిపెట్టే దారులు లెక్కలేనన్ని. బిల్లుల విషయంలోనూ ఇంతే. వందలో నాలుగు పెద్ద బిల్లులు పడినా, మిగతా చిన్న బిల్లులు సగటును వెనక్కి లాగుతాయి.

1733లో అబ్రహాం డి మోవర్ నాణేల లెక్కల్లో ఈ గంట ఆకారాన్ని పట్టుకున్నాడు. 1810లో లాప్లాస్ దాన్ని నాణేలకే పరిమితం కాకుండా విస్తరించాడు. ఇంటర్వ్యూలో ఇంతకు మించి చరిత్ర చెప్పనక్కర్లేదు.

అసలు చెప్పాల్సింది గంట వెడల్పు గురించి, ఎందుకంటే సేల్స్ మేనేజర్‌కి పనికొచ్చేది అదే. విడి బిల్లులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత ఒకటుంది, స్టాండర్డ్ డీవియేషన్. మన తెలుగు మీడియం పుస్తకాల్లో క్రమవిచలనం అని చదువుకున్నది ఇదే. మన సూపర్‌మార్కెట్‌లో అది కూడా 400 రూపాయలే అనుకుందాం. వంద బిల్లుల సగటు ఎంత చెదురుతుందో తెలియాలంటే ఈ 400ని వంద వర్గమూలంతో, అంటే 10తో భాగించాలి. 40 వస్తుంది. గంట ఆకారంలో ఇలాంటి రెండు అంగల లోపు, అంటే 320 నుంచి 480 లోపు, వందకి సుమారు 95 సగటులు పడతాయి. అందుకే మన చేతిలో ఉన్నది ఒక్క శాంపిలే అయినా, దాని సగటుకి అటూ ఇటూ 80 రూపాయల హద్దు పెట్టి నమ్మకంగా మాట్లాడగలుగుతాం.

"ఆ 80ని సగం చెయ్యగలరా?" అని మేనేజర్ అడిగితే, జవాబు వర్గమూలంలోనే ఉంది. రెట్టింపు బిల్లులు చాలవు, నాలుగు రెట్లు కావాలి. 400 బిల్లులు తీస్తే హద్దు 40కి దిగుతుంది. దాన్ని మళ్లీ సగం చేయాలంటే 1,600 కావాలి. ఖర్చుకీ ఖచ్చితత్వానికీ మధ్య ఉన్న ఈ బేరం అకౌంట్స్ వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

చాలామంది అభ్యర్థులు జారేది ఒక మాట దగ్గర. "శాంపిల్ పెద్దదైతే డేటా గంట ఆకారంలోకి వస్తుంది" అనేస్తారు. అది తప్పు. లక్ష బిల్లులు తీసినా ఆ బిల్లుల గ్రాఫ్ గుట్ట, తోకతోనే ఉంటుంది. మారేది సగటుల గ్రాఫ్ మాత్రమే. ప్యానెల్‌లో తెలిసినవారు ఒక్కరున్నా ముందు పట్టుకునేది ఈ మాటనే.

"30 ఉంటే చాలు" అన్న సూత్రాన్ని కూడా జాగ్రత్తగా వాడాలి. విడి విలువలు మరీ వంకరగా లేనప్పుడు 30 సరిపోవచ్చు. కానీ మన వంద బిల్లుల్లో ఒక హోటల్ వాళ్ల 60,000 బిల్లు పడిందనుకోండి. మిగతా 99 బిల్లుల మొత్తం 39,600 అయితే, సగటు 400 దగ్గర ఉండాల్సింది ఒక్కసారిగా 996కి ఎగిరిపోతుంది. ఒక్క విలువ సగటును ఇలా ఈడ్చుకెళ్తుంటే వంద కూడా చాలదు. పరీక్షించడం కష్టమేమీ కాదు. అన్నిటికంటే పెద్ద బిల్లును తీసేసి సగటు మళ్లీ కట్టాలి. అంకె బాగా మారిపోతే శాంపిల్ పెంచాలి, లేదా హోల్‌సేల్ బిల్లులను వేరుచేసి లెక్కించాలి.

అన్నిటికంటే ముఖ్యమైన హద్దు మరొకటి. ఈ సిద్ధాంతం యాదృచ్ఛికంగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తీసిన శాంపిల్‌కే వర్తిస్తుంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక 23 లక్షలకు పైగా జవాబులు సేకరించి, లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. 48 రాష్ట్రాల్లో 46 గెలిచింది రూజ్‌వెల్ట్. పత్రిక చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి తీసుకుంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు కాస్త కలిగినవాళ్లు. పైగా కార్డు అందినవాళ్లలో జవాబు రాసింది నాలుగో వంతు మంది లోపే. అంతమందిని అడిగినందువల్ల గంట చాలా సన్నబడింది, కానీ నిలబడింది తప్పు చోట.

కాబట్టి "వంద బిల్లులు చాలా?" అని ప్యానెల్ అడిగితే, ఎన్ని అన్నదానికంటే ముందు ఎలా తీశారన్నది చెప్పాలి. ఆదివారం సాయంత్రం ఒకే షాపులో ఒకే కౌంటర్ దగ్గర తీసిన వెయ్యి బిల్లుల కంటే, అన్ని షాపుల్లో, అన్ని రోజుల్లో పడిన బిల్లుల నంబర్లలోంచి కంప్యూటర్ లాటరీ తీసి ఎంచిన వందే నమ్మదగినవి.